రెండు పూటలా, నాలుగు పూటలా

బగ్దల్, బీదర్ తాలూకా



వానలు మొదలైతే మా వైపు పిల్లల కాళ్ళు చూడాలి. దోమ కుట్టిన చోట గోకుతారు, గోకిన చోట తోలు లేస్తుంది, మూడో రోజుకు అక్కడ చీము పొక్కు, ఐదో రోజుకు తేనె రంగు పెచ్చు. ఆ చేత్తోనే ముక్కు కింద రుద్దుకుంటే అక్కడా ఒకటి పుడుతుంది. చెల్లెలు పక్కలోనే పడుకుంటుంది కాబట్టి వారం తిరక్కుండా ఆమెకూ వస్తుంది. డాక్టర్లు దీన్ని ఇంపెటైగో అంటారు, మన ఇళ్ళలో పెచ్చుపుండ్లు అంటాం. వీటికి ఎక్కువగా రాసే మందు సెఫాలెక్సిన్.

ఈసారి ఉత్తరానికి కారణం ఆ మందే. మీలో చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. జహీరాబాద్‌లో చూపిస్తే రోజుకు రెండుసార్లు అన్నారు, బీదర్‌లో చూపిస్తే నాలుగుసార్లు అన్నారు. ఒకరు ఐదు రోజులన్నారు, ఇంకొకరు పది రోజులన్నారు. మందు ఒకటే, పుండూ ఒకటే, మరి ఎవరి మాట వినాలి? మన ఊళ్ళలో ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, మందుల దుకాణంలో దక్కనీ, సీసా మీద ఇంగ్లిష్. దుకాణం వాడు "దిన్ మే దో బార్" అని సీసా చేతికిస్తాడు. దో బార్ అన్నది తెలుస్తుంది. ఒక్కో బార్‌కు ఎంత అన్నది సగం దారిలోనే మరుపుకొస్తుంది. నా ఉద్దేశంలో అసలు ప్రమాదం ఈ రెండో సంగతిలోనే ఉంది. అందుకే ముందు "ఎంత" అన్నది చూసి, ఆ తర్వాత "ఎన్నిసార్లు" అన్నదానికి వస్తాను.

మూడేళ్ళ పాప, బరువు 12 కిలోలు అనుకుందాం. రెండు మోకాళ్ళ కింద, ఒక మోచేతి మీద కలిపి పది పన్నెండు పెచ్చుపుండ్లు. జ్వరం లేదు, ఆడుకుంటోంది, తింటోంది. పుండ్లు రెండో మూడో ఉంటే నోటిమందు జోలికే పోను. సబ్బు నీళ్ళతో పెచ్చు నానబెట్టి తీసి, మ్యుపిరోసిన్ పూతమందు రోజుకు రెండుసార్లు ఐదు రోజులు రాయమంటాను, దానితోనే మానతాయి. పది పన్నెండు పుండ్లు మూడు చోట్ల ఉంటే పూతమందుతో వెనకబడిపోతాం. ఇంట్లో మరో బిడ్డకూ అంటుకుని ఉంటే ఇంకా వెనకబడతాం. అప్పుడు నోటిమందు కావాలి.

చర్మపు ఇన్ఫెక్షన్లకు పిల్లల్లో సెఫాలెక్సిన్ మోతాదును బరువును బట్టి లెక్కిస్తారు. కిలోకు రోజు మొత్తానికి 25 నుంచి 50 మిల్లీగ్రాములు. మన పాపకు అది 300 నుంచి 600 వరకు వస్తుంది. నేను సాధారణంగా కిలోకు 40 దగ్గర నిలుస్తాను. పన్నెండు నలభైలు 480, కొలవడానికి వీలుగా 500 చేసుకుందాం. ఈ 500 మిల్లీగ్రాములు ఆ పాపకు ఒక రోజు కోటా. దీన్ని రెండు భాగాలు చేస్తే పొద్దున 250, రాత్రి 250. నాలుగు భాగాలు చేస్తే పూటకు 125. రెండింటిలోనూ రోజు కోటా మారలేదు, పంపకమే మారింది. ఇది మనసులో పెట్టుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

తప్పు జరిగేది ఇక్కడే. చీటీలో 125 నాలుగుసార్లు అని ఉంటుంది. ఇంటికెళ్ళాక పక్కింటావిడ "మా వాడికి రెండుసార్లే ఇచ్చాం వదినా, తగ్గిపోయింది" అంటుంది. తల్లి కూడా రెండుసార్లే మొదలుపెడుతుంది, కానీ పూటకు పోసేది అదే 125. అలా రోజుకు 250 మాత్రమే లోపలికి పోతుంది. కిలోకు ఇరవై మిల్లీగ్రాములు, అంటే కనీస హద్దు కంటే కూడా తక్కువ. నాలుగు రోజుల తర్వాత పుండ్లు అలాగే ఉంటే "ఈ మందు మా పాపకు పడలేదు" అంటారు. నిజానికి మందుకు పనిచేసే అవకాశమే రాలేదు. నాలుగుసార్లను రెండుసార్లుగా మార్చాలంటే పూట మోతాదు రెట్టింపు కావాలి. ఆ మార్పు చీటీ రాసినవారు చేయాలి, లేదా వాళ్ళను ఫోనులో అడిగి చేయాలి, సొంతంగా కాదు.

ఇక పంపకం మారితే శరీరంలో ఏం జరుగుతుందో చూద్దాం. కొంచెం ఓపిక పట్టండి, లెక్క తేలికే.

సెఫాలెక్సిన్ కడుపులోంచి రక్తంలోకి బాగా ఎక్కుతుంది, దాదాపు ఒక గంటకు శిఖరానికి చేరుతుంది. ఆ తర్వాత మూత్రపిండాలు దాన్ని చకచకా బయటికి తోసేస్తాయి. సుమారు గంటకొకసారి రక్తంలో ఉన్న మందు సగానికి పడిపోతూ ఉంటుంది. ఎనిమిది గంటలు గడిచేసరికి మింగినదాంట్లో తొంభై శాతానికి పైగా మూత్రంలో పోయి ఉంటుంది. ఈ జాతి మందులకు ఒక స్వభావం ఉంది. ఇవి క్రిమి తన గోడను కట్టుకోకుండా అడ్డుపడి చంపుతాయి. అందుకని ఎంత ఎత్తుకు పోయాయన్నది అంత ముఖ్యం కాదు. క్రిమిని అదుపు చేయడానికి కావలసిన కనీస మట్టానికి పైన రోజులో ఎన్ని గంటలు నిలిచాయన్నదే ముఖ్యం. రోజులో మూడో వంతు నుంచి సగం దాకా ఆ మట్టానికి పైన ఉంటే మామూలు ఇన్ఫెక్షన్లకు పని జరుగుతుందని స్థూలంగా చెప్పుకుంటాం.

సులువుగా అర్థం కావడానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. మన పాప ఒక పూట 250 మింగితే రక్తంలో శిఖరం మిల్లీలీటరుకు 32 మైక్రోగ్రాములు అనుకోండి. చర్మపు పుండ్లలో ఉండే స్టాఫ్ క్రిమికి కావలసిన మట్టం 4 అనుకోండి. ఆ 32 ఒక గంటలో 16 అవుతుంది, మరో గంటకు 8, ఇంకో గంటకు 4. ఎక్కేటప్పుడు పట్టిన గంట కూడా కలిపితే, ఆ ఒక్క పూట మందు సుమారు నాలుగు గంటలు కాపలా కాసింది. అదే 125 ఇస్తే శిఖరం 16. అది 8, తర్వాత 4. ఎక్కే గంటతో కలిపి మూడు గంటలు. మోతాదు రెట్టింపు చేస్తే కాపలా రెట్టింపు కాలేదు, ఒక్క గంటే పెరిగింది. గంటకు సగం పడిపోయే మందుతో ఎప్పుడూ ఇంతే.

ఇప్పుడు రోజు మొత్తం చూడండి. 250 రెండుసార్లు ఇస్తే నాలుగు నాలుగులు ఎనిమిది గంటలు, రోజులో మూడో వంతు. 125 నాలుగుసార్లు ఇస్తే మూడేసి గంటలు నాలుగుసార్లు, పన్నెండు గంటలు, సరిగ్గా సగం రోజు. కాబట్టి కాగితం మీద నాలుగుసార్లదే పైచేయి. పాఠ్యపుస్తకాల్లో "నాలుగు భాగాలుగా" అని రాసి ఉండడానికి కారణం ఇదే. అమెరికా అంటువ్యాధుల సంఘం 2014లో ఇచ్చిన సూచనల్లోనూ చర్మపు ఇన్ఫెక్షన్లకు పిల్లల మోతాదు రోజుకు మూడు నాలుగు భాగాలుగానే కనిపిస్తుంది. నాలుగుసార్లు రాసిన డాక్టరు పాతకాలపు వాడనో, ఏదో పొరపాటు చేశాడనో అనుకోకండి.

అయితే పెచ్చుపుండ్లలో రెండో క్రిమి కూడా ఉంటుంది, స్ట్రెప్టోకాకస్. పల్లెల్లో, వానాకాలంలో, గజ్జి ఉన్న ఇళ్ళలో దాని పాత్ర పెద్దది. అది స్టాఫ్ కంటే చాలా తక్కువ మందుకే లొంగుతుంది. దాని మట్టం అర మైక్రోగ్రాము అనుకుంటే, 32 నుంచి అరకు దిగడానికి ఆరు గంటలు, ఎక్కే గంటతో ఏడు. రెండుసార్లకు పద్నాలుగు గంటలు. రోజులో సగం దాటేసింది. అంటే స్ట్రెప్ విషయంలో రెండు పూటలు నిస్సందేహంగా చాలు. తేలికపాటి స్టాఫ్‌కు కూడా మూడో వంతు రోజు అందుతోంది, దానికి తోడు పుండు చర్మం పైపొరలోనే ఉంది, బిడ్డ ఆరోగ్యంగా ఉంది, ఒంట్లో రక్షణ కూడా పోరాడుతోంది. అందుకే సెఫాలెక్సిన్‌కు అమెరికాలో ఉన్న పాత అధికారిక లేబుల్ కూడా పిల్లల చర్మపు ఇన్ఫెక్షన్లలో రోజు మోతాదును రెండుగా పంచి పన్నెండు గంటలకొకసారి ఇవ్వొచ్చని స్పష్టంగా చెప్పేది. అదే లేబుల్ చెవిలో చీము విషయానికి వచ్చేసరికి కిలోకు 75 నుంచి 100 కావాలనీ, నాలుగు భాగాలుగా ఇవ్వాలనీ అనేది. చోటు మారితే లెక్క మారుతుందన్నమాట.

ఇంతవరకు కాగితం. ఇప్పుడు ఇంటికి వద్దాం.

నాలుగుసార్లు అంటే పుస్తకం ప్రకారం ఆరు గంటలకొకసారి. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, అర్ధరాత్రి పన్నెండు. అర్ధరాత్రి మూడేళ్ళ పిల్లను లేపి చేదు మందు తాగించే తల్లులు ఎక్కడా పెద్దగా ఉండరు. మధ్యాహ్నం పాప అంగన్‌వాడీలో ఉంటుంది. అమ్మ కంది చేనులోనో చెరకు తోటలోనో ఉంటుంది. ఇంట్లో నాయనమ్మ ఉంటుంది, ఆమెకు కొలత మూత మీద గీత కనబడదు. అలా నాలుగుసార్లని రాసిన మందు చాలా ఇళ్ళలో పొద్దున, రాత్రి రెండుసార్లే పడుతుంది. తల్లి అశ్రద్ధ వల్ల అనలేం. ఆ రోజులో ఇంకో రెండు పూటలకు చోటు లేదు, అంతే. 2001లో క్లాక్స్‌టన్, మరికొందరు పరిశోధకులు ఎన్నో అధ్యయనాలను కలిపి చూశారు. మందు మూత తెరిచిన ప్రతిసారీ లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ సీసాలతో జరిగిన అధ్యయనాలవి. రోజుకు రెండుసార్ల మందును జనం సగటున 69 శాతం వేసుకుంటే, నాలుగుసార్ల మందును 51 శాతమే వేసుకున్నారు. వాళ్ళందరూ రకరకాల జబ్బులకు మందులు వాడే రోగులు. అయినా మన ఊళ్ళో నేను చూసేదానికి ఆ అంకె దగ్గరగానే ఉంది.

మన లెక్కలోకి దీన్ని తెచ్చి చూడండి. నాలుగుసార్లని రాసిన 125 మోతాదు రెండుసార్లే పడితే, మూడు మూడులు ఆరు గంటల కాపలా. రెండుసార్లని రాసిన 250 రెండుసార్లూ పడితే ఎనిమిది గంటలు. కాగితం మీద గెలిచిన పద్ధతి ఇంట్లో ఓడిపోయింది. పూటకు చిన్న మోతాదు, పైగా తక్కువ పూటలు. ఇంతకంటే బలహీనమైన వైద్యం లేదు. అందుకే పైపొర పుండ్లకు, జ్వరం లేని బిడ్డకు, పగలు ఇంట్లో మందు పోసేవారు లేని కుటుంబానికి నేను రెండు పూటలే రాస్తాను. పగలంతా బిడ్డ దగ్గర ఉండే తల్లి అయితే మూడు పూటలు రాయడానికి వెనుకాడను. బ్రిటన్‌లో ఏడాది దాటిన చిన్నపిల్లలకు మూడు పూటలదే వాడుక.

రెండు పూటలు వద్దని నేను గట్టిగా చెప్పే సందర్భాలూ ఉన్నాయి. చర్మం పైపొర కాకుండా లోపలి పొర ఎర్రగా వాచి, వేడెక్కి, గంటగంటకు పాకుతూ ఉంటే అది సెల్యులైటిస్. జ్వరంతో ఉన్న బిడ్డ, ఎముకో కీలో పట్టి కుంటుతున్న బిడ్డ, నెలలు నిండని పసికందు, కంటి రెప్ప వాచి మూసుకుపోయిన బిడ్డ, వీళ్ళకు ప్రతి గంట కాపలా విలువైనదే. కొందరికి ఇంజెక్షనే కావాలి. అలాంటి పిల్లల్ని చీటీ మందుతో ఇంట్లో ఉంచకుండా బీదర్ వైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సెగ్గడ్డల సంగతి వేరు. వేసవిలో మామిడిపండ్ల వేడికి వస్తాయని మనవాళ్ళు అంటారు. వాటికి కారణం స్టాఫ్ క్రిమి, చెమట, గోళ్ళు. మామిడిపండు మీద నింద వద్దు. గడ్డ పండి మెత్తబడితే దానికి అసలు వైద్యం కోత పెట్టి చీము తీయడం. ఇక్కడ నాకు బాగా నచ్చిన ఒక పరిశోధన చెబుతాను. అమెరికాలో బాల్టిమోర్ పిల్లల మీద చేసి 2011లో ప్రచురించారు. చర్మపు ఇన్ఫెక్షన్ ఉన్న 200 మంది పిల్లల్లో కొందరికి సెఫాలెక్సిన్, కొందరికి క్లిండామైసిన్ ఏడు రోజులు ఇచ్చారు. సెఫాలెక్సిన్ మోతాదు కిలోకు 40, మూడు పూటలు. ఆ పిల్లల్లో మూడింట రెండు వంతులకు పైగా ఎమ్మార్‌ఎస్‌ఏ అనే మొండి స్టాఫ్ బయటపడింది. దాని మీద సెఫాలెక్సిన్ అసలు పనిచేయదు. అయినా రెండు మూడు రోజుల్లోనే రెండు గుంపుల్లోనూ తొంభై శాతానికి పైగా పిల్లలు తేరుకున్నారు. చీము బయటికి పోవడం, పుండు శుభ్రంగా ఉంచడం అంత పని చేస్తాయి. ఇంకో సంగతి కూడా ఇందులోంచి తెలుస్తుంది. మొండి స్టాఫ్ ఉన్న చోట రెండుసార్లను నాలుగుసార్లు చేసినా, ఐదు రోజులను పది చేసినా లాభం లేదు. మట్టాన్ని ఎన్నటికీ అందుకోలేని మందును ఎన్ని పూటలు పోసినా ఒకటే. చీము తీసి ల్యాబుకు పంపి మందు మార్చాలి.

ఇక రోజుల సంగతి.

పది రోజులన్న అంకె ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే మీకు ఈ తేడా వింతగా ఉండదు. 1950 ప్రాంతంలో అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రంలోని సైనిక స్థావరంలో కుర్రాళ్ళకు స్ట్రెప్ గొంతునొప్పి బాగా వచ్చేది, దాని వెనక గుండెను తినే రుమాటిక్ జ్వరం వచ్చేది. పెన్సిలిన్ ఇస్తే ఆ జ్వరాన్ని ఆపవచ్చని అక్కడ తేలింది. గొంతులోంచి స్ట్రెప్‌ను పూర్తిగా ఊడ్చేయడానికి పది రోజులు కావాలన్న నియమం ఆ దారిలోనే స్థిరపడింది. గొంతుకు అది ఇప్పటికీ సబబే. సెఫాలెక్సిన్ లేబుల్ మీద కూడా స్ట్రెప్ అయితే పది రోజులని ఉంటుంది. ఆ గొంతు నియమమే మెల్లగా చర్మానికీ పాకింది. కానీ చర్మంలో మన లక్ష్యం వేరు, పుండు మానాలి, పక్కవాళ్ళకు అంటకూడదు. దానికి పెచ్చుపుండ్లకు ఐదు నుంచి ఏడు రోజులు చాలు. ఇందాక చెప్పిన 2014 అమెరికా సూచనల్లో పెచ్చుపుండ్లకు నోటిమందు ఏడు రోజులు, మామూలు సెల్యులైటిస్‌కు ఐదు రోజులు, తగ్గకపోతే పొడిగించాలి అని ఉంది. బ్రిటన్ ప్రభుత్వ సూచన పెచ్చుపుండ్లకు ఐదు రోజులు, అవసరమైతే ఏడు. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో ఆదివాసీ పిల్లల మీద జరిగి 2014లో వచ్చిన పరిశోధన ఇంకా ముందుకు పోయింది. అక్కడ వేరే మందు, కోట్రైమోక్సజోల్, మూడు రోజులు ఇచ్చినా తీవ్రమైన పెచ్చుపుండ్లు మానాయి. అది సెఫాలెక్సిన్ కాదు కాబట్టి దాన్ని మూడు రోజులకే ఆపమని నేను అనను. ఈ జబ్బుకు పది రోజులు తప్పనిసరి కాదని మాత్రం అది గట్టిగా చెబుతోంది.

మన ఇళ్ళలో రోజుల లెక్కను నిర్ణయించేది ఈ పరిశోధనలు కావు, సీసా. ఇది కొంచెం వివరంగా రాయాలి.

పిల్లల సెఫాలెక్సిన్ మన దుకాణాల్లో పొడి సీసాగా వస్తుంది, ఎక్కువగా 30 మిల్లీలీటర్లది. ఐదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్నది ఒకటి, 250 ఉన్నది ఇంకొకటి. మన పాపకు పూటకు 250, రెండు పూటలు. 250 సీసా అయితే పూటకు 5, రోజుకు 10 మిల్లీలీటర్లు. సీసా మూడు రోజులకు ఖాళీ. దుకాణంలో 125 సీసా ఇస్తే పూటకు 10, రోజుకు 20. సీసా రెండో రోజు మధ్యాహ్నానికే ఖాళీ. ఐదు రోజుల వైద్యానికి 250 సీసాలు రెండు కావాలి, ఏడు రోజులకు మూడు. చీటీ మీద ఒక సీసా అని ఉంటే, దుకాణంలో ఒకటే ఇస్తే, మూడో రోజుకు పెచ్చులు ఎండడం మొదలవుతుంది, సీసా కూడా ఖాళీ అవుతుంది. "సారూ, మందు అయిపోయింది, పుండు గూడ ఎండింది, ఇంక చాలు గదా?" అని అడుగుతారు. చాలదు. మూడో రోజుకు పైన ఎండుతుంది, పెచ్చు కింద ఇంకా తడి ఉంటుంది. కాబట్టి దుకాణం దగ్గరే లెక్క చూసుకోండి. పూటకు ఎన్ని మిల్లీలీటర్లు, రోజుకు ఎన్ని, ఎన్ని రోజులు, అంటే ఎన్ని సీసాలు. ఈ చిన్న గుణకారం చేసి పెట్టమని దుకాణం అన్నను మొహమాటం లేకుండా అడగండి.

సీసా కలపడంలోనూ రెండు సంగతులు. ముందు సీసాను తలకిందులు చేసి తట్టి పొడిని వదులు చేయాలి. తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళు గీత కన్నా కొంచెం కిందికి పోసి బాగా కుదపాలి. నురగ దిగాక మళ్ళీ గీత దాకా పోయాలి. నురగను చూసి గీత అందిందనుకుంటే మందు చిక్కనవుతుంది, గీత దాటితే పలచనవుతుంది. ప్రతి పూటా పోసే ముందు మళ్ళీ కుదపాలి, లేకపోతే మొదటి రోజుల్లో నీళ్ళు, చివర్లో మందు తాగించినట్లవుతుంది. ఇంట్లో చెంచాతో కొలవొద్దు, చెంచాలు అన్నీ ఒక కొలత కావు. సీసాతో వచ్చిన మూతతోనో సూది లేని సిరంజితోనో కొలవండి. కలిపిన మందు ఎన్ని రోజులు ఉంటుందో సీసా మీద రాసి ఉంటుంది, మామూలుగా ఏడు రోజులు, ఫ్రిజ్‌లో పెట్టి. పోయినసారి మిగిలిన సీసా ఈసారి పనికిరాదు.

కరెంటు పోయి వచ్చే ఇళ్ళకు, ఫ్రిజ్ లేని ఇళ్ళకు నేను నీళ్ళలో కరిగే బిళ్ళలు రాస్తాను. 125వి, 250వి రెండూ దొరుకుతాయి. మన పాపకు 250 బిళ్ళ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, చెంచాడు నీళ్ళలో కరిగించి. ఐదు రోజులకు పది బిళ్ళలు. పది బిళ్ళల పట్టీ అయితే ఒక్కటి సరిపోతుంది. ఎన్ని మిగిలాయో కంటికి కనబడుతుంది కాబట్టి ఒక పూట తప్పినా తెలుస్తుంది. నెలల పిల్లలకు చుక్కల మందు కూడా ఉంది. అది ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు, 125 సీసా కంటే నాలుగు రెట్లు చిక్కన. అన్న సీసా కొలతతో తమ్ముడి చుక్కలు పోస్తే మోతాదు ఒక్కసారిగా నాలుగింతలవుతుంది. రెండూ ఒకే ఇంట్లో ఉంటే వేరువేరు చోట్ల పెట్టండి.

ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు ఇవ్వండి, తర్వాతి పూట దగ్గరపడి ఉంటే మర్చిపోయినదాన్ని వదిలేయండి. రెండు పూటలదీ కలిపి ఒకేసారి పోయొద్దు. ఆ కలిపి పోయడం వల్ల కాపలా ఒక గంటే పెరుగుతుందని పైన చూశాం, కడుపునొప్పి, విరేచనాలు మాత్రం ఎక్కువవుతాయి. అన్నం తిన్నాక ఇచ్చినా పర్వాలేదు, ఎక్కడం కొంచెం ఆలస్యమవుతుంది కానీ మొత్తం లోపలికి పోతుంది. బిడ్డకు ఎప్పుడైనా ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ వేసినప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా చీటీ రాయకముందే డాక్టరుకు చెప్పండి. సెఫాలెక్సిన్‌కు వాటితో దగ్గరి పోలిక ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్న బిడ్డకు లెక్క వేరేగా ఉంటుంది.

మందు పనిచేస్తోందో లేదో మీరే చూసుకోవచ్చు. మొదటి రోజే పుండు చుట్టూ ఎరుపు ఉన్న మేర బాల్‌పెన్నుతో గీత గీయండి. మొదటి రోజు గీత కొంచెం దాటినా కంగారు పడొద్దు. రెండు రోజులు నిండేసరికి ఎరుపు గీతలోపలికి వెనక్కి రావాలి, కొత్త పొక్కులు ఆగాలి, తాకితే నొప్పి తగ్గాలి. ఈ మూడూ జరుగుతుంటే ఐదో రోజు మళ్ళీ చూడండి. పెచ్చు కింద తడి లేక, కొత్త గులాబీ రంగు తోలు కనబడితే అక్కడితో ఆపవచ్చు, అది డాక్టరుతో మాట్లాడి ఆపండి. ఇంకా కారుతుంటే ఏడు రోజులకు పొడిగిస్తాం. మచ్చ మాత్రం వారాల తరబడి ఉంటుంది. మచ్చ పోయేదాకా మందు పోయక్కర్లేదు. రెండు మూడు రోజులు నిండినా ఎరుపు గీత దాటి పాకుతుంటే, బిడ్డకు జ్వరం వస్తే, మందకొడిగా పడి ఉంటే, పుండు చిన్నదైనా నొప్పికి బిడ్డ తల్లడిల్లిపోతుంటే, ఐదో రోజు దాకా ఆగొద్దు. ఆ రోజే తీసుకురండి.

చాలా ఇళ్ళలో ఈ పుండ్లు నెలకోసారి తిరిగి వస్తాయి. "సెఫాలెక్సిన్ ఇచ్చినప్పుడు పోతాయి, మళ్ళీ వస్తాయి, ఇంకా ఎక్కువ రోజులు ఇవ్వాలేమో" అంటారు. రోజులు పెంచితే పోవు. పిల్లల వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ చూడండి. రాత్రిపూట దురద ఎక్కువైతే, ఇంట్లో ఇంకొకరూ గోక్కుంటుంటే అది గజ్జి. గజ్జి పురుగు తోలు కింద ఉన్నంత కాలం గోకుడు ఉంటుంది, గోకుడు ఉన్నంత కాలం పుండు పడుతుంది. గజ్జికి పెర్మెత్రిన్ పూత, ఇంట్లో అందరికీ, ఒకే రాత్రి, దురద ఉన్నా లేకున్నా, మళ్ళీ వారం పది రోజులకు ఇంకోసారి. పక్కబట్టలు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయడం. అది చేయకుండా యాంటీబయాటిక్ ఐదు రోజులిచ్చినా పదిహేను రోజులిచ్చినా రెండు వారాలకు మళ్ళీ నా దగ్గరికే వస్తారు.

ఇంకొక్క విషయం. పుండ్లు మానిన తర్వాత కూడా ఆరు వారాల పాటు బిడ్డను కాస్త కనిపెట్టి ఉండండి. చర్మపు స్ట్రెప్ వెనక కొందరు పిల్లలకు మూత్రపిండాలు వాచే జబ్బు వస్తుంది. మందు సరిగ్గా వాడినా అది పూర్తిగా రాకుండా ఆపుతుందని చెప్పలేం. పొద్దున లేచేసరికి కళ్ళ కింద, ముఖం మీద ఉబ్బు కనబడినా, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా, మూత్రం బాగా తగ్గినా, పుండు మాని ఎన్ని రోజులైందన్న లెక్క చూడకుండా తీసుకురండి. మూత్ర పరీక్ష, బీపీ చూడడం, ఈ రెండూ ఆ రోజే జరగాలి. "అప్పుడు పుండ్లుండేవి సారూ" అన్న మాట గుర్తు పెట్టుకుని చెప్పండి, మాకు సగం దారి దొరికినట్టే.

గజ్జి పూతను ఇంట్లో అందరికీ ఒకే రాత్రి ఎలా రాయాలో, చంటిపిల్లలకు తల మీద కూడా రాయాలా వద్దా అని కొందరు అడిగారు. దాని గురించి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
మీ పిల్లల డాక్టరు